స్టీవియా టీతో కడుపుబ్బరం: తప్పు స్టీవియాదేనా? అసలు షుగర్‌కి దానివల్ల లాభమెంత?

మూడోకప్పు (ప్రశ్న అడిగినవారు)

మా అమ్మకి 61 ఏళ్లు, టైప్ 2 షుగర్. రోజుకి నాలుగు కప్పుల పాల టీ తాగుతుంది, కప్పుకి రెండు చెంచాల పంచదార. నెలన్నర క్రితం పంచదార మానిపించి అదే కొలతలో స్టీవియా పొడి వేయడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి కడుపుబ్బరం, గ్యాస్, కొన్ని రోజులు పొద్దున్నే రెండు మూడుసార్లు పల్చగా విరేచనం. ఫాస్టింగ్ మాత్రం 168 నుంచి 150కి దిగింది. నాన్నేమో ఆ పొడి పారేసి పంచదారే వెయ్యమంటున్నారు. స్టీవియా కడుపు పాడుచేస్తుందా? షుగర్ తగ్గింది దానివల్లేనా?

చేదునిజం

మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్. ఈ తియ్యటి పొడులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో చెప్పింది. అందులో స్టీవియా పేరు కూడా ఉంది. పైగా నాలుకకి తీపి తగలగానే శరీరం ఇన్సులిన్ వదులుతుంది, పంచదార రాకపోయేసరికి లెక్క తప్పుతుంది. కొన్నాళ్లకి షుగర్ ఇంకా పెరుగుతుంది. సహజం అని రాసి అమ్మేదంతా మంచిదనుకోవద్దు.

పాతకాపు

నాకూ ఇదే అనుభవం. సిగరెట్ మానడానికి షుగర్‌లెస్ పిప్పరమెంట్లు రోజంతా చప్పరించేవాణ్ని. కడుపులో ఒకటే గుడగుడ, మీటింగ్ మధ్యలోంచి లేచి పరుగెత్తాల్సి వచ్చేది. మానేసిన రెండో రోజుకి అంతా సర్దుకుంది. స్వీటెనర్లన్నీ ఒకటే జాతి అండీ, నా మాట విని మానేయండి.

పథ్యం

షుగర్ క్లినిక్‌లో ఆహార సలహాలు ఇవ్వడం నా పని. జవాబు చెప్పేముందు రెండు విషయాలు కావాలి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టికను ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. అమ్మగారు వేసుకునే మందులేంటో, వాటిలో ఈమధ్య ఏదైనా మారిందేమో చెప్పండి.

పాతకాపు గారూ, మీ పిప్పరమెంట్లలో ఉన్నది దాదాపు ఖాయంగా సార్బిటాల్ అయి ఉంటుంది. దానికీ స్టీవియాకీ చుట్టరికం లేదు. సార్బిటాల్ చిన్నపేగులో సరిగ్గా ఇంకదు. మిగిలింది నీటిని లాక్కుంటూ పెద్దపేగుకి పోతుంది, అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. చాలామందికి 10 గ్రాములకే ఉబ్బరం మొదలవుతుంది, 20 గ్రాములైతే విరేచనాలే. ఒక్కో బిళ్లలో కొద్దిగానే ఉన్నా రోజంతా చప్పరిస్తే అక్కడికి చేరడం కష్టం కాదు.

మూడోకప్పు

ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో "స్టీవియా" అనే ఉంది. వెనక తిప్పి చూస్తే: ఎరిథ్రిటాల్ 79.8 శాతం, ఇన్యులిన్ 20 శాతం, స్టీవియోల్ గ్లైకోసైడ్లు 0.2 శాతం.

మందులు: మెట్‌ఫార్మిన్ ఇంతకుముందు 500 రెండు పూటలా, ఇప్పుడు 1000 రెండు పూటలా. డాక్టర్ డోసు పెంచిన వారంలోనే మేం పొడి కూడా మార్చాం. పొద్దున గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము ఎప్పటి నుంచో ఉంది.

0.2 శాతమేనా స్టీవియా? మేం కొన్నది అసలు ఏంటి మరి?

తులసివనం

స్టీవియా మొక్క కుండీలో బాగానే పెరుగుతుందండీ. నాలుగు ఆకులు కోసి టీలో వేసుకుంటే సరి, ఈ పొడుల గొడవే ఉండదు. మొక్కకి ఎండ ఎంత తగలాలో, ఎప్పుడు తుంచాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పథ్యం

తులసివనం గారూ, మొక్క పెంపకం వేరే చర్చ. టీ వరకైతే ఒక్కమాట. సురక్షితమని పరీక్షించి అనుమతించినది ఆకులోంచి తీసి కనీసం 95 శాతం శుద్ధి చేసిన గ్లైకోసైడ్లని. పచ్చి ఆకుకి ఆ స్థాయి పరీక్షలు లేవు, ఏ ఆకులో ఎంత తీపి ఉందో కొలిచే వీలూ లేదు.

మూడోకప్పు గారూ, మీరు కొన్నది ఎరిథ్రిటాల్ పొడి, అందులో ఇన్యులిన్ కలిపారు. స్టీవియా తీపిని సరిచేయడానికి వేసింది మాత్రమే. ఇందులో మోసమేమీ లేదు, అవసరముంది. శుద్ధి చేసిన స్టీవియా పంచదార కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యన. చెంచా పంచదార తీపికి సరిపడే స్టీవియా చెంచాతో కొలిచేంత కూడా ఉండదు. అందుకే ఏదో ఒక పొడితో బరువు పెంచి అమ్ముతారు. కొన్నిటిలో ఎరిథ్రిటాల్, కొన్నిటిలో లాక్టోస్, కొన్నిటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా డెక్స్‌ట్రోస్. చివరి రెండూ రక్తంలో గ్లూకోజ్‌ని పెంచేవే, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ప్యాకెట్ ముందు వైపు కన్నా వెనక వైపు చూడటం మేలు.

ఇప్పుడు లెక్క వేద్దాం. నాలుగు కప్పులు, కప్పుకి రెండు చెంచాలు, చెంచాకి సుమారు 4 గ్రాములు: రోజుకి 32 గ్రాముల పొడి. అందులో ఎరిథ్రిటాల్ 25 గ్రాములకి కాస్త పైన, ఇన్యులిన్ 6 గ్రాముల పైచిలుకు, స్టీవియా 64 మిల్లీగ్రాములు.

స్టీవియాకి అనుమతించిన రోజువారీ పరిమితి, 60 కిలోల మనిషికి లెక్కగడితే, దాదాపు 700 మిల్లీగ్రాములు. అమ్మగారు అందులో పదో వంతు కూడా తీసుకోవడం లేదు. ఆ 64 మిల్లీగ్రాములు నీటిని లాగవు, చెప్పుకోదగ్గ గ్యాస్ చేయవు. కడుపు విషయంలో స్టీవియాని వదిలేయొచ్చు.

ఎరిథ్రిటాల్ షుగర్ ఆల్కహాలే అయినా సార్బిటాల్ లాంటిది కాదు. దాదాపు 90 శాతం చిన్నపేగులోనే ఇంకిపోయి, మారకుండా మూత్రంలో పోతుంది. ఒకేసారి 50 గ్రాములు తాగించి చూసిన పరీక్షలో వికారం, గుడగుడ కనిపించాయి, 35 గ్రాముల వరకు చాలామంది తట్టుకున్నారు. అమ్మగారికి కప్పుకి 6 గ్రాముల పైన వెళ్తోంది, అదీ రోజంతా విడివిడిగా. విరేచనాలకి అది చాలదు.

ఉబ్బరానికి నా అనుమానం ఇన్యులిన్ మీద. అది పీచు పదార్థం, చిన్నపేగులో అస్సలు జీర్ణం కాదు, మొత్తం పెద్దపేగు బాక్టీరియాకే పోతుంది. అలవాటు లేని కడుపుకి రోజుకి 6 గ్రాములు గ్యాస్ తెప్పించడానికి చాలు.

పల్చటి విరేచనాలకి అనుమానం మెట్‌ఫార్మిన్ మీద. డోసు ఒక్కసారిగా రెట్టింపైంది. ఈ మందుతో అందరికీ తెలిసిన ఇబ్బందే ఇది.

ఇక ఫాస్టింగ్ 168 నుంచి 150కి దిగిన సంగతి. పరగడుపు షుగర్‌ని ప్రధానంగా నిర్ణయించేది రాత్రంతా కాలేయం వదిలే గ్లూకోజ్. మెట్‌ఫార్మిన్ పనిచేసేది అక్కడే. సాయంత్రం టీలో పంచదార మానిన ఫలితం మర్నాటి పొద్దున ఫాస్టింగ్‌లో అంతగా కనపడదు, టీ తాగిన గంటకి చూస్తే కనపడుతుంది. అంటే కడుపు నొచ్చిన నిందా, షుగర్ తగ్గిన పేరూ రెండూ స్టీవియాకే వస్తున్నాయి. నాకైతే రెంటికీ అది సంబంధం లేనిదిగానే కనిపిస్తోంది.

చేదునిజం

అంటే స్టీవియా వేసినా లాభం లేదని మీరే ఒప్పుకున్నట్టేగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటకి మాత్రం జవాబు లేదు.

పథ్యం

ఉంది. 2023 మేలో వచ్చిన ఆ సూచన బరువు తగ్గించుకోవడానికి, మున్ముందు రోగాలు రాకుండా చూసుకోవడానికి వీటిని వాడొద్దని. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి ఇది వర్తించదని అందులోనే రాశారు. ఎరిథ్రిటాల్ లాంటి షుగర్ ఆల్కహాల్స్ కూడా దాని పరిధిలో లేవు. అయితే మీ మాటలో నిజం లేకపోలేదు. ఇవి మందు కాదు. పంచదార వేసుకోని మనిషి కొత్తగా స్టీవియా వేసుకుంటే షుగర్ ఏమీ తగ్గదు. లాభమంతా ఏది తీసేశామన్న దాంట్లోనే ఉంది. అమ్మగారి టీలోంచి రోజుకి 32 గ్రాముల పంచదార, అంటే 128 క్యాలరీలు పోయాయి. అది చిన్న విషయం కాదు.

ఇన్సులిన్ సంగతి: నాలుక తీపికే కొద్దిగా ఇన్సులిన్ విడుదల కావడం కొందరిలో కనిపిస్తుంది, కానీ షుగర్‌ని మార్చేంత కాదు. పేగు బాక్టీరియా ద్వారా తేడా వస్తుందనే వాదనకి మాత్రం బలముంది. 2022లో ఇజ్రాయెల్ పరిశోధకులు 120 మంది ఆరోగ్యవంతులపై చేసిన ప్రయోగంలో శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవాళ్లకి గ్లూకోజ్‌ని తట్టుకునే శక్తి తగ్గింది. స్టీవియా, ఆస్పర్టేమ్ గుంపుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వాడించింది రెండు వారాలే, వాళ్లకి షుగర్ వ్యాధీ లేదు. కాబట్టి దీన్ని అటూ ఇటూ మరీ లాగకూడదు.

రాత్రిషిఫ్ట్

నర్సుగా పనిచేస్తాను. గ్లిమెపిరైడ్ అన్న మాట చూసి ఆగిపోయాను. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. ఇక్కడ ఒకే వారంలో మెట్‌ఫార్మిన్ పెరిగింది, టీలో పంచదార పోయింది, గ్లిమెపిరైడ్ అలాగే ఉంది. టిఫిన్‌కీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఎప్పుడైనా చెమటలు, వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, చిరాకు వస్తున్నాయేమో అడగండి. వస్తే వెంటనే వేలు గుచ్చి చూడండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి ఇవ్వాలి, లేదా మూడు నాలుగు చెంచాల మామూలు పంచదార. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకోటి. మా వార్డుకి వచ్చిన ఒక పెద్దాయనకి ఇంట్లో షుగర్ పడిపోతే కంగారులో తియ్యటి టీ చేసి ఇచ్చారు. ఇంట్లో ఉన్నది స్వీటెనరే. రెండు కప్పులు తాగించినా లేవలేదు. టీ తియ్యగా ఉంది కదా అని వాళ్లు ధైర్యంగా కూర్చున్నారు. స్టీవియా గానీ ఎరిథ్రిటాల్ గానీ పడిపోయిన షుగర్‌ని పైకి తేలేవు. ఇంట్లో పంచదార డబ్బా పూర్తిగా ఖాళీ చేయకండి.

మూడోకప్పు

అమ్మని అడిగితే, "పదకొండింటికి రెండుసార్లు కాళ్లు వణికాయి, నీరసం అనుకున్నాను" అంది. మాకు చెప్పనేలేదు! డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నాను.

కడుపు సంగతి ఎలా తేల్చుకోవాలి? టాబ్లెట్ కొన్ని రోజులు ఆపి చూడమంటారా?

పథ్యం

టాబ్లెట్ సొంతంగా ఆపొద్దు. ఆపదగినది పొడి ఒక్కటే. అయిదారు రోజులు టీలో ఏ తీపీ వెయ్యకండి. పాలు అంతే, కప్పులు అన్నే, మందులు అవే. రోజూ ఉబ్బరం ఎంత, విరేచనం ఎన్నిసార్లు అనేది ఒక కాగితం మీద రాయమనండి. ఒకటి కన్నా ఎక్కువ మారిస్తే మళ్లీ మొదటికే వస్తాం.

పాలలోని లాక్టోస్ పడకపోయినా ఇలాగే ఉంటుంది. కానీ ఆ పాలే పంచదార టీలోనూ పోసేవారు, అప్పుడు ఇబ్బంది లేదు కాబట్టి దాన్ని చివరికి ఉంచుదాం.

షుగర్ మీద పొడి ప్రభావం కూడా చూడొచ్చు. పొద్దున చేయకండి, కొందరికి ఆ సమయంలో ఏమీ తినకపోయినా షుగర్ దానంతటదే ఎక్కుతుంది. భోజనమైన మూడు గంటల తర్వాత, సాయంత్రం టీకి ముందు ఒకసారి, తాగిన గంటకి ఒకసారి చూడండి. పక్కన బిస్కెట్ కూడా వద్దు. ఒక రోజు పొడితో, ఒక రోజు తీపి లేకుండా. మీటర్లు సరిగ్గా పనిచేస్తున్నా 15 శాతం దాకా అటూ ఇటూ చూపించొచ్చు, అందుకని పది పాయింట్ల తేడాని తేడాగా లెక్కపెట్టకండి.

చేదునిజం

ఎరిథ్రిటాల్ గుండెకి ప్రమాదమని 2023లో వచ్చిన పరిశోధన మాట ఎత్తడం లేదేం? రక్తం గడ్డలు కడుతుందని తేలింది. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు ముప్పు అసలే ఎక్కువ. కడుపులో ఇంకిపోయి రక్తంలోకి పోతుంది కాబట్టి మంచిదని మీరు పైన రాశారు. రక్తంలోకి పోవడమే ఇక్కడ సమస్య.

పథ్యం

ఇది మంచి ప్రశ్న, దీన్ని తోసిపుచ్చను. నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఆ పరిశోధనలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో తర్వాత గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయి. దీనికి అభ్యంతరం చెప్పొచ్చు, ఎందుకంటే మన శరీరమే గ్లూకోజ్ నుంచి ఎరిథ్రిటాల్ తయారుచేసుకుంటుంది. షుగర్, ఊబకాయం ఉన్నవాళ్లలో అది ముందే ఎక్కువగా ఉండొచ్చు. వాళ్లు తిన్నదెంత, శరీరం చేసుకున్నదెంత అన్నది అందులో విడదీయలేదు. రెండో ముక్కని మాత్రం అంత సులువుగా పక్కన పెట్టలేను. 30 గ్రాములు కలిపిన పానీయం తాగించాక రక్తంలో దాని స్థాయి రెండు రోజులకి పైగా ఎక్కువగానే ఉంది. ప్లేట్‌లెట్లు గడ్డకట్టే గుణం పెరిగినట్టు ల్యాబ్‌లోనూ కనిపించింది.

అమ్మగారు రోజుకి తీసుకునేది 25 గ్రాములు, ఆ మోతాదుకి దగ్గరే. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇంత ఎరిథ్రిటాల్ నేనైతే సూచించను. జబ్బు లేనివాళ్లకి రోజూ వాడితే ఏమవుతుందో తేల్చే దీర్ఘకాల పరీక్ష ఇంకా రాలేదు. మా క్లినిక్‌లోనే దీని మీద ఇద్దరం రెండు రకాలుగా చెబుతుంటాం.

పాతకాపు

మరి జైలిటాల్ ఎలా ఉంటుంది? టీలో రుచి పంచదారలాగే ఉంటుందట, చేదు రాదట.

పథ్యం

రుచి వరకు నిజమే. కానీ అది ఎరిథ్రిటాల్‌లా పూర్తిగా ఇంకదు, గ్రాముకి 2.4 క్యాలరీలు ఇస్తుంది. మీ కడుపు చరిత్ర చూస్తే మీకు వద్దు. గుండె గురించి దాని మీదా 2024లో అలాంటి పరిశోధనే వచ్చింది. ఇంట్లో కుక్క ఉంటే అసలు తేవద్దు, కొద్దిగా నాకినా దాని షుగర్ పడిపోయి చనిపోవచ్చు.

మూడోకప్పు

డాక్టర్‌తో మాట్లాడాం. గ్లిమెపిరైడ్ ప్రస్తుతానికి ఆపమన్నారు, పదకొండింటికి షుగర్ చూసి పంపమన్నారు. పొడి ఆపి చేసిన పరీక్ష ఫలితం ఇది.

మూడో రోజుకల్లా ఉబ్బరం బాగా తగ్గింది. అయిదో రోజుకి గ్యాస్ దాదాపు లేదు. పల్చటి విరేచనం మాత్రం అలాగే ఉంది, అదీ పొద్దునే.

సాయంత్రం టీ: పొడితో తాగిన రోజు ముందు 138, గంటకి 155. తీపి లేకుండా తాగిన రోజు 141, గంటకి 156. అంటే పొడి వేసినా వేయకపోయినా ఒకటేనా? ఆ పదిహేను పాయింట్లు ఎక్కడివి?

పథ్యం

పాలవి. 100 మిల్లీలీటర్ల పాలలో 5 గ్రాముల దాకా లాక్టోస్ ఉంటుంది. పంచదార లేని పాల టీ కూడా ఖాళీ టీ కాదు. పొడి షుగర్‌ని పెంచడం లేదని మీ కొలతలు చెబుతున్నాయి. ఒక్కో రోజు కొలతే కాబట్టి ఇంకో రెండుసార్లు చూస్తే నమ్మకం పెరుగుతుంది. ఉబ్బరం తగ్గింది, విరేచనం తగ్గలేదు, కాబట్టి ఆ రెండూ వేర్వేరు కారణాలవే. మెట్‌ఫార్మిన్‌ని నిదానంగా విడుదలయ్యే రకానికి మార్చవచ్చా, భోజనం మధ్యలో వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి.

చేదునిజం

పొడి ఆపితే ఉబ్బరం తగ్గిందంటే పొడే తప్పు అని నేను మొదట్లోనే అన్నాను. ఇన్యులినా ఎరిథ్రిటాలా అన్నది మీ ఊహ మాత్రమే, విడివిడిగా పరీక్షించలేదు కదా.

పథ్యం

నిజమే, విడదీయలేదు. విడదీయాలంటే ఇన్యులిన్ లేని ఎరిథ్రిటాల్ కొన్నాళ్లు వాడి చూడాలి. గుండె విషయం తేలనప్పుడు ఆ ప్రయోగం కోసం అమ్మగారికి రోజూ 25 గ్రాములు పొయ్యమని నేను చెప్పను. నీళ్లలో కలిపిన స్టీవియా చుక్కల మందులాంటి సీసాలు దొరుకుతాయి, వాటిలో నింపుడు పొడి ఉండదు. కప్పుకి రెండు చుక్కలతో మొదలుపెట్టండి. ఎక్కువైతే తీపి పెరగదు, చేదు బయటపడుతుంది. అది కూడా వేసేముందు సీసా వెనక చదవండి, కొన్నిటిలో గ్లిజరిన్ కలుపుతారు.

రాత్రిషిఫ్ట్

గ్లిమెపిరైడ్ ఆపాక పదకొండింటి కొలతలు ఎలా ఉన్నాయి?

మూడోకప్పు

112, 124, 109. వణుకు మళ్లీ రాలేదు. మెట్‌ఫార్మిన్ నిదానంగా విడుదలయ్యే రకానికి మార్చారు, విరేచనం కొంచెం నయం. అది మార్చినందుకా, కడుపు అలవాటు పడినందుకా అంటే చెప్పలేను.

చుక్కల సీసా తెచ్చాం. అమ్మ రెండు కప్పులకి చుక్కలు వేసుకుంటోంది, మిగతా రెండూ ఏమీ లేకుండానే తాగుతోంది. నాన్న మాత్రం తన టీలో పంచదార తగ్గించేది లేదంటున్నారు. ఆయనకి షుగర్ పరీక్ష చేయించి మూడేళ్లయింది.

పథ్యం

అయితే ముందు ఆయనకి ఫాస్టింగ్, మూడు నెలల సగటు రెండూ చేయించండి. చుక్కలా పంచదారా అన్నది తర్వాత మాట్లాడదాం.